ఎవరూ పరామర్శించని దుఃఖం

ప్రశ్న: మేడమ్, నాకు 31 ఏళ్లు. మాది రాజమండ్రి దగ్గర ఊరు. హైదరాబాద్‌లో బ్యాంకులో పనిచేస్తున్నాను. హాస్టల్లో పరిచయమైన అమ్మాయితో ఏడేళ్లు ఒకే ఫ్లాట్‌లో ఉన్నాను. అందరి దృష్టిలో మేం రూమ్మేట్స్. ఒకరికొకరం ఏమిటో మా ఇద్దరికే తెలుసు. నాలుగు నెలల క్రితం ఇంట్లోవాళ్లు ఆమెకి పెళ్లి చేశారు. ఆమె కాదనలేదు. పెళ్లిచీర నేనే సెలెక్ట్ చేశాను. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఆమె వెనకే నిలబడ్డాను. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని "నీలాంటి ఫ్రెండ్ దొరకడం మా అమ్మాయి అదృష్టం" అన్నారు. ఇప్పటికీ ఆమె రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఏమీ జరగనట్టు మాట్లాడుతుంది. ఒకసారి ఏడిస్తే "అదంతా ఆ వయసులో అయిపోయింది, మర్చిపో" అంది. బ్యాంకులో బాగానే ఉంటాను. ఇంటికి రాగానే ఏడుపు. నిద్ర ఉండటం లేదు. అమ్మేమో "నీ ఫ్రెండ్‌కి అయిపోయింది, ఇక నీదే" అని సంబంధాలు చూస్తోంది. ఎవరైనా పోతే ఏడవచ్చు, విడాకులైనా ఏడవచ్చు. నేను ఏమని చెప్పి ఏడవాలి? డాక్టర్ దగ్గరికి వెళ్తే రికార్డులో రాస్తారేమో, బ్యాంకులో తెలుస్తుందేమో అని టెన్షన్. ఆమె పేరు మాత్రం బయటికి రాకూడదు. ఈ ఫ్లాట్ కూడా ఖాళీ చేసేయాలా?
– పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం: మన ఇళ్లలో ఒక మనిషి పోతే పెద్దకర్మ అయ్యేదాకా జనం వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతివాళ్లూ "ఎలా జరిగిందమ్మా?" అనే అడుగుతారు. ఆ ఇంటావిడ మళ్లీ మొదటినుంచి చెబుతుంది. పొద్దున లేచి కాఫీ అడిగారు, ఛాతీలో నొప్పి అన్నారు, ఆటో పిలిచేలోపే... అంటూ అదే కథ, అవే మాటలు, అక్కడికి రాగానే అదే ఏడుపు. పక్కన కూర్చున్నవాళ్లకి ఎన్నిసార్లు చెబుతుందో అనిపిస్తుంది గానీ, అలా చెప్పగా చెప్పగానే జరిగింది నిజమని ఆమె మనసు ఒప్పుకుంటుంది. పరామర్శలో నిజంగా పనిచేసేది వచ్చినవాళ్లు చెప్పే ఓదార్పు మాటలకంటే, ఆమె చెప్పుకోవడమే. వంట కూడా వాళ్లే చూసుకుంటారు, ఆఫీసు సెలవిస్తుంది, ఏడాదిపాటు పండగ చేసుకోకపోయినా ఎవరూ ఏమీ అనరు.

మీకు ఇందులో ఒక్కటీ దక్కలేదు. పైగా దుఃఖపడాల్సిన రోజున పట్టుచీర కట్టుకుని నవ్వుతూ ఫోటోలు దిగాల్సి వచ్చింది. ఏమని చెప్పి ఏడవాలి అని అడిగారు. ఏడేళ్ల కాపురం పోయిందని ఏడవండి. దానికి ఇంకో పేరు వెతకనక్కర్లేదు.

అమెరికాలో కెన్నెత్ డోకా అనే ఆయన ఇలాంటి దుఃఖాల గురించే 1989లో ఒక పుస్తకం తెచ్చారు. పోగొట్టుకున్న మనిషికి నష్టం నిజమే, కానీ దాన్ని నలుగురిలో ఒప్పుకునే వీలు, ఏడ్చే వీలు, ఓదార్పు అందుకునే వీలు ఉండవు. ఎప్పుడెప్పుడు ఇలా జరుగుతుందో ఆయన చెబుతూ మొట్టమొదట పెట్టింది మీ పరిస్థితినే, అంటే ఆ బంధానికే లోకంలో గుర్తింపు లేకపోవడం. దుఃఖం చిన్నదైతే గుర్తింపు అక్కర్లేదు కదా అనుకుంటారు. జరిగేది దానికి రివర్స్. పంచుకునే దారి లేనందువల్లే అది మరింత బరువెక్కుతుంది.

మీ విషయంలో ఇంకొకటి కూడా ఉంది. నలుగురికీ తెలిసిన బంధం తెగితే, అది ఉండేదని చెప్పడానికి చుట్టూ బోలెడుమంది ఉంటారు. "వాళ్లిద్దరూ ఎంత బాగుండేవాళ్లో" అని ఎవరో ఒకరు అంటారు. మీ ఏడేళ్లకు సాక్షులు ఇద్దరే, మీరూ ఆమే. ఆ రెండో సాక్షి ఇప్పుడు "అదంతా ఆ వయసులో అయిపోయింది" అంటోంది. దాంతో మీకు ఆమె పోవడం ఒక దెబ్బ అయితే, అసలు జరిగిందంతా నిజమేనా, నేనొక్కదాన్నే అలా అనుకున్నానా అన్న అనుమానం రెండో దెబ్బ. రాత్రుళ్లు పాత మెసేజ్‌లు తిరగేస్తూ ఉంటే, దాని వెనక ఉన్నది చాలావరకు ఈ అనుమానమే అని నా ఉద్దేశం.

ఆమె ఆ మాట ఎందుకు అందో మనకు తెలియదు. కొత్త ఇంట్లో రోజు గడవాలంటే వెనక్కి చూడకూడదు అనుకుందేమో. ఆమె మీద జాలీ కోపమూ రెండూ ఒకేసారి రావచ్చు, ఒకటి ఉంటే రెండోది తప్పని కాదు. కానీ మీ ఏడేళ్లు నిజమా కాదా అన్నది ఆమెతో ఒప్పించుకునే పని మాత్రం మానేయండి. ప్రతి సాయంత్రం ఆ ఫోన్ ఎత్తేటప్పుడు మీలో ఒక ఆశ ఉంటుంది, ఇవాళైనా ఒప్పుకుంటుందేమో అని. ఒప్పుకోదు. పెట్టేశాక మళ్లీ పెళ్లిమండపంలో నిలబడినట్టే ఉంటుంది.

అందుకే మొదటి పని ఆ సాయంత్రపు ఫోన్లు ఆపడం. మామూలుగా విడిపోయినవాళ్లు నంబరు బ్లాక్ చేసేస్తారు. మీరు ఉన్నట్టుండి బ్లాక్ చేస్తే వాళ్లమ్మ మీకు ఫోన్ చేసి "ఏమైందమ్మా, మాట్లాడుకోవడం లేదా?" అని అడుగుతారు. కాబట్టి ఫ్రెండ్‌గానే, మెల్లగా దూరం జరగాలి. ఒకే ఒక్కసారి, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు, గొంతుతోనే చెప్పండి. మెసేజ్‌లో వద్దు. "నీ మీద కోపం లేదు అనను, ఉంది. కానీ అందుకోసం కాదు. నీతో రోజూ ఇలా మాట్లాడుతుంటే నేను కోలుకోలేకపోతున్నాను. ఆరు నెలలు నాకు ఫోన్ చేయకు. ఎవరైనా అడిగితే నాకు బ్యాంకులో పని ఎక్కువైందని చెప్పు." అంతకు మించి వాదన పెట్టుకోకండి. ఆ తర్వాత రాతలో ఏదైనా పంపాల్సి వస్తే, ఆమె భర్త చదివినా ఇబ్బంది లేని మాటలే ఉండాలి. "బ్రాంచ్‌లో ఆడిట్ ఉంది, కొన్నాళ్లు మాట్లాడటం కుదరదు, నువ్వు బాగుండు" లాంటివి చాలు. ఆమె పేరు బయటికి రాకూడదు అన్నారు కదా, అసలు ప్రమాదం డాక్టర్ దగ్గరికంటే ఫోన్లలోనే ఎక్కువ.

వాట్సాప్‌లో ఆమె స్టేటస్‌ని మ్యూట్ చేయండి, మ్యూట్ చేసినట్టు ఆమెకి తెలియదు. ఫోటోలు ఏ రాత్రో ఏడుస్తూ డిలీట్ చేయకండి, తర్వాత ఆ డిలీట్ చేసినందుకు వేరే ఏడుపు. వాటిని ఫోన్లో పాస్‌వర్డ్ అడిగే ఫోల్డర్‌లోకి మార్చి, "మూడేళ్ల క్రితం ఈ రోజు" అంటూ అవి పైకి తేలకుండా సెట్టింగ్స్‌లో ఆపేయండి. శ్రీమంతానికి పిలుపొస్తే వెళ్లాలా అన్న ప్రశ్న కూడా కొన్నాళ్లకు రావచ్చు. వెళ్లకండి. చీర పంపండి, సెలవు దొరకలేదని చెప్పండి. ఒకసారి మండపంలో నిలబడ్డారు, అది చాలు.

ఇక బ్యాంకులో బాగానే ఉండి ఇంటికొచ్చాక ఏడవడం గురించి. ఇది మీరు నటిస్తున్నందుకు వస్తున్న జబ్బేమో అనుకోకండి. 1999లో నెదర్లాండ్స్‌లో పనిచేసే పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షూట్ దుఃఖం ఎలా సాగుతుందో వివరిస్తూ, మనిషి రెండు ఒడ్డుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడని చెప్పారు. కాసేపు పోయినదాని గురించి ఏడుస్తాడు, కాసేపు కరెంటు బిల్లు కట్టి, కూర వండి, ఉద్యోగం చేసుకుంటాడు. రెండూ కావాలి. ఈ తిరగడమే కోలుకోవడం. మీ చిక్కేమిటంటే మీకు పగలంతా ఒక ఒడ్డు మీదే ఉండక తప్పడం లేదు. భర్త పోయిన కొలీగ్ మధ్యాహ్నం లంచ్‌లో కళ్లు తుడుచుకుంటే ఎవరో ఒకరు భుజం తడతారు. మీరు కౌంటర్‌లో కూర్చుని అది చేయలేరు. అందుకని పన్నెండు గంటల ఏడుపు రాత్రి పది తర్వాత ఒక్కసారే వచ్చి పడుతోంది, అదే నిద్రని తినేస్తోంది.

కాబట్టి ఏడుపుకి రాత్రి కాకుండా వేరే వేళ ఇవ్వండి. బ్యాంకు నుంచి రాగానే స్నానం చేసి, తినేముందు, ఇరవై నిమిషాలు కూర్చుని రాయండి. ఈ పద్ధతిని జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు 1986లో పరీక్షించారు. కాలేజీ విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట, తమ జీవితంలో బాధపెట్టిన విషయాన్ని రాశారు. జరిగిందీ, దాని గురించి తమకేమనిపించిందీ రెండూ రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టర్ దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్లకి మనసు ఇంకా బరువెక్కింది. మీకూ అలాగే ఉండొచ్చు, అందుకే పడుకునేముందు వద్దంటున్నాను. వారం రాసినా బరువు తగ్గకపోగా పెరుగుతూ ఉంటే ఆపేయండి, అందరికీ ఇది పడదు.

ఏం రాయాలి? కవిత్వం వద్దు, ఆమెకి ఉత్తరం కూడా వద్దు. పరామర్శకు వచ్చినవాళ్లకి చెప్పినట్టు రాయండి. ఎక్కడ పరిచయం, మొదట ఎవరు మాట్లాడారు, ఫ్లాట్ అడ్వాన్స్ ఎవరు కట్టారు, ఎవరికి జ్వరం వస్తే ఎవరు సెలవు పెట్టారు, పెళ్లిచూపుల సంగతి ఏ రోజు చెప్పింది, మీరేమన్నారు. తేదీలు గుర్తుంటే తేదీలతో సహా. ఆమె పేరు బదులు ఒక అక్షరం పెట్టండి. మొబైల్లో కాకుండా కాగితం మీద రాసి బ్యాంకు లాకర్లోనో, తాళం ఉన్న బీరువాలోనో పెట్టండి. ఇలా రాసింది ఆమె ఒప్పుకోలు అవసరం లేని సాక్ష్యం.

కానీ కాగితం వినదు. ఒక మనిషి వినాలి. ఒక్కరే చాలు, అయితే ఆ ఒక్కరికీ మొత్తం నిజం తెలియాలి. చాలామంది సగం నిజంతో సరిపెట్టుకోవాలని చూస్తారు. "ఒకళ్లని ఇష్టపడ్డాను, అయిపోయింది" అని కొలీగ్‌తో చెప్పడం తప్పేమీ కాదు, అబ్బాయా అమ్మాయా చెప్పకుండానే కొంత తేలికవుతుంది, ఎందుకు డల్‌గా ఉన్నావన్న ప్రశ్నలూ ఆగుతాయి. అయితే ఆ కొలీగ్ మనసులో ఎవరో ఒక మగవాణ్ని ఊహించుకుని, "వాడికి నీ విలువ తెలియదు" అని ఓదారుస్తుంది. ఆ ఓదార్పు మీదాకా రాదు, ఎవరో వేరే మనిషికి చెందుతుంది. అందుకే సగం నిజం చెప్పాక కొందరికి ముందుకంటే ఒంటరిగా అనిపిస్తుంది. అలా అనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఎవరికి చెప్పాలి అన్నదాంట్లో మీకు ఒక ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి. మీ ఫ్లాట్‌కి వచ్చినవాళ్లు, మీరిద్దరూ కలిసి ఉండటం చూసినవాళ్లు ఎవరికి చెప్పినా, పేరు చెప్పకపోయినా పేరు చెప్పినట్టే. మీ గురించి చెప్పే హక్కు మీకుంది, ఆమె గురించి చెప్పే హక్కు లేదు. ఇప్పుడామె ఒక పెళ్లిలో ఉంది కాబట్టి అది ఆమెకు నిజంగా ప్రమాదం కూడా కావచ్చు. అందుకని ఆమెను ఎరగని మనిషి కావాలి. పాత కాలేజీ స్నేహితురాలు, వేరే ఊళ్లో ఉన్న కజిన్, అలాంటివాళ్లు. ఆ మనిషి దగ్గర మీరు ఇంతవరకూ ఇంకొకరి రహస్యం విన్నారా అని ఆలోచించండి. వింటే, రేపు మీదీ ఇంకొకరు వింటారు. ఇక ఈ విషయం మీద ఆ మనిషి మనసు ఎలాంటిదో తెలుసుకోవడానికి మీ గురించి చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధాలు నేరం కాదని చెప్పింది, 2023 అక్టోబర్ 17న మాత్రం అలాంటి జంటలకు పెళ్లి హక్కు ఇవ్వడం తమ చేతిలో లేదంది. ఈ తీర్పుల మాట ఏదో సందర్భంలో తీసుకొచ్చి, ఎలా స్పందిస్తారో చూడండి. వెటకారం వస్తే అక్కడితో వదిలేయండి. "పాపం, వాళ్లెలా బతకాలి?" లాంటి మాట వస్తే కొంత ధైర్యం చేయొచ్చు.

చెప్పేటప్పుడు ఫోన్లో కాకుండా నేరుగా కలిసి చెప్పండి, నడుస్తూ అయితే ఇంకా మంచిది, కళ్లలోకి చూడాల్సిన పని ఉండదు. ముందే ఒక మాట అడగండి, "నాకు సలహా వద్దు, నేను చెప్పేది చివరిదాకా విను, ఎవరు అని అడగకు" అని. ఆ రాత్రి ఎందుకు చెప్పానా అని గుండె దడదడలాడుతుంది. దాదాపు అందరికీ అలాగే ఉంటుంది, దాన్ని బట్టి తప్పు చేశానని తేల్చుకోకండి. రెండోసారి చెప్పేటప్పుడు వాళ్లు ఎలా విన్నారన్నదే అసలు లెక్క.

అలాంటి మనిషి ఎవరూ దొరకకపోతే, దొరికినా సరే, నాలుగు నెలలుగా నిద్ర లేదన్నది డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి చాలినంత కారణం. ఇక్కడ మీ భయానికి సూటిగా జవాబు చెబుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు లాంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. బ్యాంకుకి డాక్టర్ తనంతట తాను ఏమీ పంపరు. మామూలుగా విషయం అటు వెళ్లే దారి, మీరు బిల్లులు రీయింబర్స్‌మెంట్‌కో ఇన్సూరెన్స్‌కో పెట్టుకోవడం. అవి పెట్టకుండా మీ డబ్బుతోనే కట్టుకోండి. పెట్టినా ఆ కాగితాల్లో ఉండేది నిద్రలేమి, డిప్రెషన్ లాంటి జబ్బు పేరు, మీరు ఎవరిని ప్రేమించారన్నది కాదు. అయినా అనుమానం ఉంటే మొదటి రోజే "నేను చెప్పేదాంట్లో ఏమేం రాస్తారు?" అని అడగండి, అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

ఎవరి దగ్గరికి వెళ్లినా అపాయింట్‌మెంట్‌కి ముందు ఫోన్లోనే కనుక్కోండి. "ఒక అమ్మాయితో ఉన్న రిలేషన్‌షిప్ ముగిసిపోయి బాధపడుతున్నవాళ్లతో పనిచేశారా?" అని పేరు చెప్పకుండా అడగొచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని కూడా అడగండి. జవాబు మామూలుగా, తడుముకోకుండా వస్తే మంచిది. "పెళ్లి చేసుకుంటే సర్దుకుంటుంది", "ఇది మార్చుకోవచ్చు" లాంటి మాట వస్తే ఫోన్ పెట్టేయండి. ఇలా మారుస్తామని చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు స్పష్టం చేసింది. రాత్రివేళ తట్టుకోలేనంతగా ఉన్నప్పుడు టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి, అది ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. చనిపోవాలన్న ఆలోచన వచ్చి, ఎలా అన్నదాకా మనసు వెళ్తుంటే రేపటిదాకా ఆగకండి, ఆ రాత్రే చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ కారణం చెప్పక్కర్లేదు, ఆలోచన వస్తోందని చెబితే చాలు.

అమ్మ విషయం. ఇప్పుడు సంబంధానికి తలూపకండి. ఈ బాధ నుంచి బయటపడటానికో, ఆమెకి నేనూ బాగానే ఉన్నానని చూపించడానికో చేసుకునే పెళ్లిలో ఇంకొక మనిషి జీవితం కూడా ఇరుక్కుంటుంది. అలాగని అమ్మకి ఇవాళే అన్నీ చెప్పాలని కూడా కాదు. ఆవిడకి మీ గురించి చెప్పడం వేరే పెద్ద పని, దానికి మీరు నిద్రపోయి ఉండాలి, ఒంట్లో బలం ఉండాలి. ప్రస్తుతానికి అబద్ధం కాని మాట ఒకటి చాలు: "అమ్మా, నాకు నిద్ర పట్టడం లేదు, మనసు బాగాలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. ఈ ఏడాది సంబంధాలు చూడకు." "ఎవరినైనా ప్రేమించావా?" అని తప్పకుండా అడుగుతారు. "ఒకళ్లు. అయిపోయింది. పేరు అడగొద్దు" అనండి. నాలుగు రోజులు ఇంట్లో గొడవ ఉంటుంది. కానీ ఆ తర్వాత మీరు కళ్లు ఉబ్బి కనిపించినా ఎందుకని ఎవరూ అడగరు, మీ ఇంట్లో మీకు ఏడ్చే వీలైనా దొరుకుతుంది.

ఫ్లాట్ ఇప్పుడే ఖాళీ చేయకండి. కొత్త ఇల్లు వెతకడం, సామాను మోయడం, కొత్త ఓనరుకి మళ్లీ అన్నీ చెప్పుకోవడం ఈ నిద్రలేమితో చేసే పనులు కావు. పదకొండు నెలల అగ్రిమెంట్ రెన్యువల్ ఎప్పుడో చూసుకుని, అప్పుడు నిర్ణయించుకోండి. ఈలోపు పడకగది మాత్రం మార్చండి. మంచం వేరే గోడకి జరపండి, దుప్పట్లు మార్చండి, వీలైతే ఇంకో గదిలో పడుకోండి. ఆమె సామాన్లు మిగిలి ఉంటే ఒక అట్టపెట్టెలో సర్ది, పార్సిల్‌లో వాళ్లమ్మగారింటికి కాకుండా ఆమె చెప్పిన అడ్రసుకే పంపండి. అడ్వాన్స్‌లో ఆమె వాటా ఉంటే అదీ ఇప్పుడే బ్యాంకులో వేసేయండి, డబ్బు లెక్క కోసం ఆరు నెలల తర్వాత మళ్లీ ఫోన్ చేయాల్సిన పని ఇద్దరికీ ఉండదు.